ఒక హదీసు గొలుసును పరీక్షించడం ఎలా: ఇబ్నె మాజా 224వ హదీసుతో అడుగడుగునా

“విద్యార్జన ప్రతి ముస్లింపై విధి.” ఈ మాట వినని ముస్లిం ఇల్లు ఉండదు. ఇది నమ్మదగిన సహీహా, బలహీనమైన జయీఫా అని నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. విచిత్రమేమిటంటే, ఆ నలుగురిలో ఒక్కరూ తప్పు చెప్పి ఉండకపోవచ్చు. హదీసు శాస్త్రంలో తీర్పు మొదట పడేది మాట మీద కాదు, ఆ మాటను మోసుకొచ్చిన గొలుసు మీద. ఒకే మాట పది గొలుసుల్లో వస్తే పది తీర్పులుంటాయి. అవన్నీ తేలాకే మాట సంగతి. అందుకే “జయీఫ్” అన్నవారిని వెంటనే అడగాల్సింది రెండు ప్రశ్నలు: ఏ కొక్కెం దగ్గర? ఏ రకం బలహీనత? ఈ రెండింటికీ జవాబు రాబట్టే పద్ధతిని ఈ ఒక్క హదీసు మీదే చూద్దాం.

ముందు గొలుసును నిలువుగా రాసుకోండి

ఇబ్నె మాజా సుననులో, ప్రచారంలో ఉన్న ముద్రణ లెక్క ప్రకారం, ఇది 224వ హదీసు. పుస్తకంలో ఇస్నాద్, అంటే గొలుసు, ఒకే వాక్యంగా సాగిపోతుంది. దాన్ని విడదీసి, ఒక్కో రావీని, అంటే మాటను అందించిన ఒక్కొక్కరిని, ఒక్కో వరుసలో పెట్టండి. పక్కన మరణ సంవత్సరం హిజ్రీలో రాయండి. రెండు పేర్ల మధ్య ఏ క్రియ వాడారో అదీ రాయండి. చాలామంది ఈ క్రియను వదిలేస్తారు, ఆనక చిక్కుల్లో పడతారు.

ఇబ్నె మాజా (మ. 273)
— “హద్దసనా” (మాకు చెప్పారు) —
హిషామ్ బిన్ అమ్మార్, డమాస్కస్ (జ. 153, మ. 245)
— “హద్దసనా” —
హఫ్స్ బిన్ సులైమాన్
— “హద్దసనా” —
కసీర్ బిన్ షింజీర్, బస్రా
— “అన్” (నుంచి) —
ముహమ్మద్ బిన్ సీరీన్, బస్రా (మ. 110)
— “అన్” —
అనస్ బిన్ మాలిక్ (రజి), బస్రా (మ. 93)
— ప్రవక్త (స)

మత్న్, అంటే అసలు మాట, పూర్తిగా ఇలా ఉంది: “విద్యార్జన ప్రతి ముస్లింపై విధి. అర్హత లేనివారి చేతిలో విద్య పెట్టేవాడు పందుల మెడలో రత్నాలు, ముత్యాలు, బంగారం వేసినవాడి లాంటివాడు.” రెండో వాక్యాన్ని గుర్తుంచుకోండి, దాని పని తర్వాత పడుతుంది.

హఫ్స్ పక్కన సంవత్సరం కావాలనే వదిలేశాం. ఎందుకో చూద్దాం.

ఆ పేరు ఎవరిదో తేల్చండి

కొత్తగా ఈ పని మొదలుపెట్టినవారి తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి. రావీల వివరాలుండే రిజాల్ గ్రంథం తెరిచి, పేరు కనబడగానే కింద ఉన్న తీర్పు రాసేసుకుంటారు. కానీ హఫ్స్ బిన్ సులైమాన్ అన్న పేరుతో ఇద్దరున్నారు. ఒకరు బస్రాకు చెందిన మిన్ఖరీ. హసన్ బస్రీ శిష్యుడు, నమ్మదగినవాడు (సిఖా), హిజ్రీ 130లో పోయారు. మరొకరు కూఫాకు చెందిన అసదీ, హిజ్రీ 90లో పుట్టి 180లో పోయారు. మొదటివారిని పట్టుకుంటే గొలుసు బాగుపడినట్టే కనబడుతుంది. రెండోవారైతే కూలిపోతుంది.

తేల్చడానికి మూడు దారులు. మొదటిది తేదీలు: హిషామ్ పుట్టిందే 153లో, మిన్ఖరీ అప్పటికి చనిపోయి 23 ఏళ్లయింది. “హద్దసనా” అనే అవకాశమే లేదు. రెండోది గురుశిష్యుల జాబితాలు: మిజ్జీ (మ. 742) తన తహ్‌జీబుల్ కమాల్‌లో ప్రతి రావీ కింద అతనికి చెప్పినవారు, అతని దగ్గర విన్నవారు అని రెండు జాబితాలిస్తారు. కూఫా హఫ్స్ శిష్యుల్లో హిషామ్, గురువుల్లో కసీర్ కనిపిస్తే రెండువైపులా తాళం పడ్డట్టే. మూడోది ఇదే మాట వచ్చిన ఇతర గ్రంథాలు. ఒకచోట పొట్టిగా రాసిన పేరు ఇంకోచోట తండ్రి పేరు, ఊరు, వృత్తితో సహా నిండుగా ఉంటుంది. ఈ హఫ్స్‌నే కొన్ని గొలుసుల్లో “హఫ్స్ బిన్ అబీ దావూద్” అని రాస్తారు. అది చూసి ఇంకెవరో అనుకుంటే, ఒకే మనిషిని ఇద్దరు సాక్షులుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది.

కాబట్టి మన హఫ్స్ కూఫావాడే. ఇప్పుడు ఆ వరుసలో 180 రాయండి.

కొక్కేలు కలిశాయా చూడండి

తేదీలు సరిపోతే సరిపోదు, విన్నట్టు ఆధారం ఉండాలి. “హద్దసనా”, “సమిఅతు” (నేను విన్నాను) అన్నవి నేరుగా విన్నట్టు చెప్పే మాటలు. “అన్” అలా కాదు. “ఫలానావారి నుంచి” అన్నంత మాత్రాన మధ్యలో ఎవరూ లేరని కాదు. తద్లీస్ అలవాటున్న రావీ, అంటే మధ్యలోని మనిషిని మాట్లాడకుండా జార్చేసి పైవాడి పేరు పెట్టేవాడు, సరిగ్గా ఈ “అన్” చాటునే దాక్కుంటాడు. అలాంటివాడు “అన్” అంటే ఒప్పుకోరు. ఆ అలవాటు లేనివాడు, పైవారిని కలిసిన దాఖలా ఉన్నవాడు “అన్” అన్నా ఒప్పుకుంటారు.

మన గొలుసులో రెండు “అన్”లున్నాయి. ఇబ్నె సీరీన్, అనస్ (రజి) మధ్య సందేహమే లేదు. ఇబ్నె సీరీన్ తండ్రి అనస్ (రజి) విముక్తి చేసిన బానిస. ఆ ఇంటి నీడలో పెరిగిన మనిషి ఆయన మాట వినకపోతే ఇంకెవరు వింటారు! పైగా ఇబ్నె సీరీన్ మీద తద్లీస్ ఆరోపణ లేదు. కసీర్ కూడా బస్రావాడే, ఇబ్నె సీరీన్ శిష్యుల జాబితాలో ఉన్నవాడే. గొలుసు తెగలేదు. దీని బలహీనత ఎక్కడున్నా తెగుదలలో మాత్రం లేదు.

రావీల బరువు తూచండి

ప్రతి రావీలో చూసేవి రెండు. ఒకటి అదాలత్, అంటే నడవడిలో నిజాయితీ. రెండోది జబ్త్, విన్నదాన్ని విన్నట్టు పట్టి ఉంచే శక్తి. నిజాయితీ ఉండి జ్ఞాపకం లేనివారు ఎందరో. వారి బలహీనతకూ అబద్ధాలకోరు బలహీనతకూ పోలికే లేదు. మొత్తం పద్ధతి ఈ తేడా మీదే నిలబడింది.

వందేళ్ల తర్వాతివారు ఒకరి జ్ఞాపకశక్తిని ఎలా కొలిచారని అడగవచ్చు. పోల్చి కొలిచారు. యహ్యా బిన్ మయీన్ (మ. 233) సంగతి ఇబ్నె హిబ్బాన్ నమోదు చేశారు. హమ్మాద్ బిన్ సలమా చెప్పిన హదీసులను ఇబ్నె మయీన్ అప్పటికే 17 మంది శిష్యుల దగ్గర విన్నారు. మళ్లీ బస్రా వెళ్లి మూసా బిన్ ఇస్మాయీల్ దగ్గర కూర్చున్నారు. “మీరు పద్దెనిమిదో వారు” అన్నారు. ఎందుకింత శ్రమ అంటే, హమ్మాద్ పొరబడేవారు. ఆయన పొరబాటును శిష్యుల పొరబాట్ల నుంచి విడదీయాలి. శిష్యులందరూ ఒకే తప్పు చెబితే తప్పు హమ్మాద్‌ది. అందరూ ఒకటి చెప్పి ఒక్కడు వేరుగా చెబితే తప్పు ఆ ఒక్కడిది. “సిఖా” అని గ్రంథంలో కనిపించే ఒక్క మాట వెనక ఇలాంటి లెక్క ఉంటుంది.

ఆ మాటలు దొరికేది రిజాల్ గ్రంథాల్లో. వాటిలో ముఖ్యమైనవి కొన్ని అచ్చయి లోకానికి చేరింది మన హైదరాబాదు నుంచే. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ ఇబ్నె హజర్ (మ. 852) రాసిన తహ్‌జీబుత్ తహ్‌జీబ్‌ను హిజ్రీ 1325–1327లో 12 సంపుటాల్లో వేసింది. బుఖారీ తారీఖుల్ కబీర్, ఇబ్నె అబీ హాతిం జరహ్ వ తాదీల్ కూడా అక్కడ అచ్చయినవే.

చదివేటప్పుడు ఒక జాగ్రత్త: ఒక్కో విమర్శకుడి భాష ఒక్కో తీరు. బుఖారీ చాలా మెత్తగా మాట్లాడతారు. “మున్కరుల్ హదీస్” అంటే, అతని దగ్గర హదీసు తీసుకోవడమే తగదని ఆయన లెక్క. అదే మాట ఇంకొకరు అంటే అంత తీవ్రత ఉండకపోవచ్చు. ఇబ్నె మయీన్ “పర్వాలేదు” అంటే, అది ఆయన భాషలో సిఖాయే. ఇబ్నె హిబ్బాన్, ఇజ్లీ అంతగా తెలియని రావీలను కూడా మంచివారిగా రాసేస్తారని పేరు. అబూ హాతిం, నసాయీ గట్టివారు. ఇద్దరు ఒకరినొకరు కాదంటే, కారణం విప్పి చెప్పిన విమర్శకే ఎక్కువ విలువ. ఉత్త “మంచివాడు” దాని ముందు నిలవదు. కాని కారణం లేని విమర్శ, తెలిసిన సిఖాను కిందికి లాగలేదు.

ఇక మన గొలుసు. అనస్ (రజి) సహాబీ, అక్కడ పరీక్ష లేదు. ఇబ్నె సీరీన్ మీద ఎవరికీ అభ్యంతరం లేదు. కసీర్ గురించి ఇబ్నె హజర్ తన తఖ్రీబ్ అనే రిజాల్ గ్రంథంలో రాసింది “సదూఖ్, పొరబడతాడు” అని. సదూఖ్ అంటే నిజాయితీపరుడే, పట్టులో మాత్రం సిఖాకు ఓ మెట్టు కింద. బుఖారీ, ముస్లిం ఇద్దరూ ఇతని కథనాలు కొన్ని తీసుకున్నారు. ఒంటరిగా చెబితే అనుమానించాలి, తోడు దొరికితే సరే. హిషామ్ కూడా సదూఖే. వయసు మళ్లాక ఎవరైనా ఏదైనా చదివి “ఇది మీ హదీసే కదా” అంటే తలూపేవారు. కాబట్టి ఆయన పాత కథనాలే మేలని ఇబ్నె హజర్ రాశారు. ఇలాంటి రావీ దగ్గర శిష్యుడు ఎప్పుడు విన్నాడన్నది కూడా చూడాలి. ఇబ్నె మాజా పుట్టింది 209లో, అంటే హిషామ్‌కు 56 ఏళ్లు నిండినప్పుడు. ఆయన విన్నది చివరి దశలోనే అయ్యుండాలి.

అయినా గొలుసును కూల్చింది వీళ్లిద్దరూ కాదు, హఫ్స్.

హఫ్స్ దగ్గర ఆగండి

ఈ హఫ్స్ ఎవరో తెలిస్తే చాలామంది ఉలిక్కిపడతారు. నేడు మన ఊళ్ల మసీదుల్లో, ప్రపంచంలో అత్యధిక ప్రాంతాల్లో చదివే ఖుర్ఆన్ పఠనం ఆసిం ఖిరాఅత్. దాన్ని ఆసిం (మ. 127) నుంచి అందించింది ఈయనే. ముస్‌హఫ్ చివరి పేజీల్లో “రివాయతె హఫ్స్” అని ఉండేది ఈయన పేరే. హదీసులో మాత్రం బుఖారీ “ఆయన్ను వదిలేశారు” అన్నారు. ఇబ్నె మయీన్ “సిఖా కాదు” అన్నారు. ఇబ్నె హజర్ రెండింటినీ ఒక్క వాక్యంలో ఇమిడ్చారు: ఖిరాఅత్‌లో ఇమామే అయినా, హదీసులో మత్రూక్, అంటే వదిలేయబడినవాడు. మంచిమాటలు బొత్తిగా లేవని కాదు. వకీ సిఖా అన్నట్టు, అహ్మద్ బిన్ హంబల్ ఒక కథనంలో పర్వాలేదన్నట్టు కూడా ఉంది. కానీ మొత్తం మీద తూకం వదిలేయడం వైపే ఒరిగింది.

ఇందులో వైరుధ్యం లేదు. హఫ్స్ ఆసిం సవతి కొడుకు. ఒకే గురువు ముందు, ఒకే గ్రంథాన్ని, ఏళ్ల తరబడి నోటితో అప్పజెప్పి దిద్దించుకున్నారు. హదీసుకు కావలసింది మరో రకం పట్టు: ఎందరో గురువుల నుంచి విన్న వందలాది మాటలు, ఏ మాట ఎవరి గొలుసుతో వచ్చిందో తడబడకుండా పట్టి ఉంచడం. జబ్త్ అనేది విద్యను బట్టి మారుతుంది. కాబట్టి రావీ పేరు కింద “ఇమామ్” అని కనబడితే ఏ విషయంలో ఇమామో చూడండి.

ఈ గొలుసుకు తీర్పు: అతుకు తెగలేదు, కానీ హఫ్స్ మత్రూక్ కాబట్టి జయీఫ్ జిద్దన్, అంటే మరీ బలహీనం.

మిగతా గొలుసులను పోగుచేయండి

ఇక్కడితో ఆగి “ఆ హదీసు జయీఫ్” అని ప్రకటించడం తొందరపాటు. ఇదే మాట అనస్ (రజి) నుంచి ఇతరుల ద్వారా వచ్చిందా (ముతాబఅత్), వేరే సహాబీల నుంచి వచ్చిందా (షాహిద్) అని వెతకాలి. దొరికిన ప్రతి గొలుసుకూ పై పరీక్షలన్నీ మళ్లీ పెట్టాలి.

ఇక్కడ ఒక నియమం తప్పితే అంతా తప్పే. బలహీనతలన్నీ ఒకదానికొకటి ఊతమివ్వవు. జ్ఞాపకం కాస్త తక్కువైనవాడు, గొలుసులో చిన్న తెగుదల, పెద్దగా తెలియని రావీ: ఇలాంటి తేలిక గాయాలున్న రెండు గొలుసులు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే మాట చెబితే సహీహ్‌కు ఓ మెట్టు కిందిదైన హసన్ స్థాయికి లేస్తాయి. ఇద్దరు మతిమరుపు మనుషులు ఒకరికొకరు తెలియకుండా ఒకే పొరబాటు చేయడం అరుదు కదా. మత్రూకు, అబద్ధాలకోరు గొలుసులు వంద చేర్చినా లేవవు, వాళ్లు ఒకరి దగ్గర ఒకరు ఎత్తుకొని ఉండవచ్చు. కాబట్టి హఫ్స్ గొలుసును పోగులో లెక్కపెట్టకూడదు. అది లేకుండానే మిగతావి నిలబడాలి.

మన మాటకు మిగిలిన గొలుసులు చాలానే ఉన్నాయి. సుయూతీ (మ. 911) సుమారు 50 దారులు పోగుచేసి, అవి కలిసి సహీహ్‌కు చేరతాయన్నారు. మిజ్జీ మరింత ఆచితూచి, కలిపితే హసన్‌కు చేరవచ్చన్నారు. అహ్మద్ బిన్ హంబల్ మాత్రం ఈ విషయంలో తమ దృష్టిలో ఏదీ రుజువు కాలేదన్నారు. ఇస్‌హాఖ్ బిన్ రాహవైహ్ మాట ఇంకా ఆసక్తికరం: కథనం రుజువు కాలేదు కానీ అర్థం నిజమే, నమాజు, జకాత్ వంటివి నేర్చుకోక తప్పదు కదా అన్నారు. అర్థం సరైనదైనంత మాత్రాన ప్రవక్త (స) అన్నారని రాయకూడదన్న గీత ఆ మాటలోనే ఉంది. మా లెక్కలో మిజ్జీ మాటే తూకానికి దగ్గర.

మాటను ముక్కలుగా విడదీయండి

పోగులోని గొలుసులు ఏ ముక్కను మోస్తున్నాయో ఆ ముక్కే లేస్తుంది. తోడు దొరికింది “విద్యార్జన ప్రతి ముస్లింపై విధి” అన్నదానికి. పందులు, ముత్యాల వాక్యానికి ఆ తోడు లేదు, అది హఫ్స్ మెడకే వేలాడుతోంది. అందుకే అల్బానీ వంటివారు ఇబ్నె మాజా 224 కింద “సహీహ్, కానీ రెండో వాక్యం మరీ బలహీనం” అని విడదీసి రాశారు. యాప్‌లో ఒక్క పదం తీర్పు చూసి మొత్తం హదీసును కాపీ చేసేవారు ఈ “కానీ”ని జారవిడుస్తారు.

జనం నోళ్లలో ఇంకో రెండు ముక్కలు చేరాయి. “ప్రతి ముస్లిం స్త్రీపై కూడా” అన్న మాట గొలుసుల్లో లేదని సఖావీ (మ. 902) చెప్పారు. అరబీలో “ముస్లిం” అన్న పదంలోనే స్త్రీలూ వస్తారు కాబట్టి అర్థానికి లోటు లేదు, కానీ మాట చేర్చకూడదు. ఉపన్యాసాల్లో తరచూ వినిపించే “చైనా వెళ్లైనా విద్యనార్జించండి” అన్నది హసన్ బిన్ అతియ్యా, అబూ ఆతికా, అనస్ (రజి) అనే గొలుసుతో వచ్చింది. మెలిక అబూ ఆతికా. బుఖారీ ఇతన్ని “మున్కరుల్ హదీస్” అన్నారు, ఆయన భాషలో ఆ మాట బరువెంతో పైన చూశాం. ఇబ్నె హిబ్బాన్ ఆధారం లేనిదన్నారు. ఇబ్నె జౌజీ (మ. 597) కల్పితాల గ్రంథంలోనే చేర్చారు.

ఒంటరి గొలుసూ నిలుస్తుంది, నిండు గొలుసూ కూలుతుంది

గొలుసుల సంఖ్యే కొలమానం అనుకోకండి. సహీహ్ బుఖారీ మొదటి హదీసు “కర్మలు సంకల్పాల మీద ఆధారపడి ఉంటాయి” చూడండి. ఉమర్ (రజి), అల్ఖమా, ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం తైమీ, యహ్యా బిన్ సయీద్ అన్సారీ: యహ్యా దాకా సహీహ్ దారి ఇదొక్కటే. అయినా సహీహే, ఎందుకంటే ప్రతి కొక్కెం దగ్గరా సిఖా ఉన్నారు, ప్రతిచోటా “హద్దసనా”, “అఖ్బరనీ”, “సమిఅతు” వంటి నేరుగా విన్నట్టు చెప్పే మాటలే ఉన్నాయి.

దీనికి తలకిందులు కేసు ఇల్లత్, కంటికి కనపడని లోపం. సభ ముగిశాక చదివే దుఆ హదీసు ఒకటి ఇబ్నె జురైజ్, మూసా బిన్ ఉఖ్బా, సుహైల్, ఆయన తండ్రి, అబూ హురైరా (రజి) అనే గొలుసుతో ఉంది. తిర్మిజీ దాన్ని సహీహ్ అన్నారు కూడా. బుఖారీ ఒప్పుకోలేదు. ఉహైబ్ అనే రావీ అదే సుహైల్ నుంచి, సహాబీల తర్వాతి తరంవారైన ఔన్ బిన్ అబ్దుల్లా అనే తాబయీ సొంత మాటగా దీన్ని చెప్పారు. మూసా సుహైల్ దగ్గర విన్నట్టు దాఖలా కూడా లేదని బుఖారీ అన్నారు. “సుహైల్, తండ్రి, అబూ హురైరా” అన్నది అరిగిపోయిన బాట, నాలుక తడబడితే దాని మీదికే జారుతుంది. ఎవరూ అనుకోని “ఔన్” పేరు చెప్పినవాడే గుర్తుంచుకొని చెప్పినట్టు. ఇల్లత్ ఒక గొలుసును ఎంత తదేకంగా చూసినా దొరకదు, పక్కన రెండోది పెడితేనే దొరుకుతుంది.

తీర్పు మాటలను ఎలా చదవాలి, ఎలా రాయాలి

“రిజాలుహు సిఖాత్” (ఇందులోని రావీలు నమ్మదగినవారు) అని హైసమీ (మ. 807) వంటివారు రాస్తే, తేలింది రావీల బరువు ఒక్కటే. అతుకు కలిసిందో లేదో చెప్పలేదు. “ఇస్నాదుహు సహీహ్” అంటే అతుకు కూడా సరిపోయింది, ఇల్లత్ గురించి హామీ మాత్రం తక్కువ. “హదీసున్ సహీహున్” అంటేనే మొత్తం పరీక్ష ముగిసింది. ఈ మూడింటినీ “సహీహ్” అని ఒకే ముద్రతో తెలుగులోకి తెస్తే చదివేవారికి నష్టం.

మీరు రాసేటప్పుడు గొలుసు, కొక్కెం, రకం, ముక్క నాలుగూ ఉండాలి. ఇలా: “ఇబ్నె మాజా 224 గొలుసు మరీ బలహీనం, కూఫా హఫ్స్ బిన్ సులైమాన్ మత్రూక్ కాబట్టి. మొదటి వాక్యం ఇతర దారుల వల్ల హసన్‌కు చేరుతుందని మిజ్జీ, సహీహ్ అని సుయూతీ. రుజువు కాలేదని అహ్మద్. రెండో వాక్యానికి తోడు లేదు.”